పక్క స్థలంలో సెల్లార్ తవ్వుతుంటే మన పాత పునాదిని విడతలుగా కిందికి దించడం ఎలా?

*అన్నా, తిరుపతి పాత ఊర్లో మాది నాన్న కాలంనాటి మిద్దె. కింద ఒకటి, పైన ఒకటి. పక్క స్థలంలో లాడ్జి కడతారంట, సెల్లార్ కోసం పదకొండు అడుగులు తవ్వుతారంట. మా పునాది మూడున్నర అడుగులే, రాతి కట్టుబడి. హద్దు వెంబడి మా గోడ 36 అడుగులు ఉంది. "అండర్‌పిన్నింగ్ చేసి ఇస్తాం, టెన్షన్ పడొద్దు" అంటున్నాడు వాళ్ళ ఇంజినీరు. ఒప్పుకోవచ్చా? పని ఎట్లా జరగాలి? ఆ టైంలో ఇంట్లో ఉండొచ్చా?*

ఒప్పుకోవచ్చు. కానీ ఆ ఇంజినీరును ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: "పునాదిని కిందికి దించుతారు సరే, ఆ తర్వాత గోడను పక్కకు తోసే మట్టిని ఎవరు ఆపుతారు?" దీనికి ఆయన దగ్గర డ్రాయింగుతో సహా జవాబు ఉంటే మాట్లాడొచ్చు. లేకపోతే ఆయన సగం పని గురించే చెబుతున్నాడు. ఎందుకో కింద లెక్కతో సహా చెబుతాను.

ముందు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. పాత పునాదుల పక్కన కొత్త పునాది ఎంత లోతుకు పోవచ్చో పునాదుల కోసం మన దేశంలో వాడే ఐఎస్ 1904 కోడ్‌లో ఒక లెక్క ఉంది. గ్రావెల్, ఇసుక కలిసిన నేలలో రెండు పునాదుల అడుగు అంచులను కలుపుతూ ఒక గీత గీస్తే, అది రెండడుగులు పక్కకు పోతే ఒక అడుగు దిగేంత వాలు కంటే ఏటవాలుగా ఉండకూడదు. మీ పునాది అడుగు 3.5 అడుగుల దగ్గర, వాళ్ళ తవ్వకం 11 అడుగుల దగ్గర. తేడా ఏడున్నర అడుగులు. అంటే వాళ్ళు మీ పునాదికి పదిహేను అడుగుల దూరంలో ఆగితేనే మీ గోడ జోలికి పోనట్టు. పాత ఊరి స్థలాల్లో పదిహేను అడుగులు వదిలితే ఇక వాళ్ళకు సెల్లార్ ఏం మిగులుతుంది? అయిదడుగులు వదులుతాం అని వాళ్ళు చెప్పినా సరిపోదు. కాబట్టి ఏదో ఒక రక్షణ తప్పనిసరి.

మన వైపు నేలతో ఇంకో చిక్కు ఉంది. తిరుపతిలో చాలాచోట్ల ఎర్రమట్టి, గ్రావెల్, మధ్యమధ్యలో గుండ్రాళ్ళు. ఎండాకాలంలో ఈ మట్టిని జేసీబీతో నిలువుగా కోస్తే గోడలాగే నిలబడుతుంది. పది రోజులైనా రాలదు. అది చూసి "మట్టి గట్టిగా ఉంది సార్, ఏం కాదు" అంటారు. ఆ గట్టితనంలో చాలా భాగం ఆరిన మట్టిలో ఉండే పట్టే. నీళ్ళు తగిలిన రోజు అది పోతుంది. ఒక్క రాత్రి వాన చాలు, లేదా ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని సెప్టిక్ ట్యాంకు లీకు చాలు. అందుకే ఈ పనిని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మే లోపల ముగించేలా చూసుకోండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదల్లో ఊరు ఎట్లా నీళ్ళలో ఉందో మీకు చెప్పక్కర్లేదు. భూమిలో ఉన్న సిమెంటు రింగుల నీళ్ళ ట్యాంకు ఒకటి అప్పుడు పైకి లేచి నిలబడింది కూడా. అలాంటి నెలల్లో మీ పునాది కింద గుంత తెరిచి ఉండకూడదు.

ఇప్పుడు మీ గోడ బరువు చూద్దాం. ఇది మోటు లెక్క. మీ ఇంటిని చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరు సరిచేసి ఇవ్వాలి. కింద ఒకటిన్నర ఇటుక గోడ, పైన తొమ్మిదంగుళాల గోడ, పన్నెండు అడుగుల గదుల మీద రెండు కప్పులు, రాతి పునాది సొంత బరువు అన్నీ కలిపితే గోడ పొడవున అడుగుకు సుమారు 2.4 టన్నులు వస్తుంది. పునాది అడుగు వెడల్పు రెండడుగులు అనుకుంటే కింది మట్టి మీద చదరపు అడుగుకు 1.2 టన్నులు. గట్టి గ్రావెల్‌కు ఇది పెద్ద బరువు కాదు.

అండర్‌పిన్నింగ్ అంటే ఈ గోడ కింది మట్టిని ముక్కలు ముక్కలుగా తీసి, ప్రతి ముక్క చోట కాంక్రీటు పెట్టి, పునాదిని లోతుకు దించడం. ఒక ముక్క తీసినప్పుడు దాని మీది బరువు ఎక్కడికీ పోదు, రెండు పక్కల ఉన్న మట్టి మీదికి పోతుంది. మూడడుగుల ముక్క తీస్తే ఏడు టన్నుల పైమాట. సగం ఎడమకు, సగం కుడికి. అంటే పక్క ముక్కల కింద మట్టి మీద బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కొన్నాళ్ళ పాటు మట్టి దాన్ని తట్టుకుంటుంది. అదే ఒకటి వదిలి ఒకటి చొప్పున గోడ మొత్తం ఒకేసారి తెరిస్తే, మధ్యలో మిగిలిన ప్రతి ముక్కకు రెండు వైపుల నుంచీ సగం సగం వచ్చి బరువు రెట్టింపు అవుతుంది. పైగా గోడలో సగం గాలిలో ఉంటుంది. త్వరగా ముగించాలని మేస్త్రీలు చేసే పని ఇదే. ఏ సమయంలోనూ గోడ పొడవులో నాలుగో వంతుకు మించి తెరిచి ఉండకూడదు. మీ 36 అడుగులకు అది తొమ్మిది అడుగులు, అంటే మూడు ముక్కలు.

ముక్క పొడవు మూడడుగులే ఎందుకంటే మీది రాతి కట్టుబడి. మంచి సిమెంటు కట్టుబడి అయితే నాలుగడుగులు, ఇంకొంచెం ఎక్కువ కూడా తెరుస్తారు. కింద మట్టి తీసినా గోడ ఒక దూలంలాగా ఆ ఖాళీని దాటుకుంటుంది. మట్టితోనో పాత సున్నంతోనో కట్టిన రాళ్ళు అట్లా దాటవు. అడుగు వరుస రాయి ఒకటి జారితే దాని పైది జారుతుంది. కాబట్టి మీ పునాదిలో రాళ్ళ మధ్య ఏముందో ముందే తెలియాలి. దానికి గోడ మధ్యలో ఒకచోట మూడడుగుల పొడవున చిన్న గుంత తీసి, పునాది అడుగు ఎక్కడుందో, ఎంత వెడల్పుందో, కింద ఏ మట్టి ఉందో, నీళ్ళు ఊరుతున్నాయో చూసి, అదే రోజు పూడ్చేయాలి. "చూడటానికే" అని గోడ పొడవునా జేసీబీతో కాలువ తీయనివ్వకండి. పని మొదలు కాకముందే గోడ పోయేది ఇట్లాంటి చోట్లే. రాళ్ళ మధ్య పిడికెడు మట్టి తప్ప ఏమీ లేదని తేలితే, ముందు పునాది రాళ్ళ సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కించి, అవి గట్టిపడ్డాకే కింద తవ్వాలి. ముక్క కూడా రెండున్నర అడుగులకు తగ్గించాలి.

ఆ గుంతలో ఇంకొకటి కూడా కనిపించొచ్చు. పాత పునాదులు గోడ కంటే వెడల్పుగా ఉంటాయి, కాబట్టి కింద రాళ్ళు హద్దు దాటి నాలుగైదు అంగుళాలు పక్క స్థలంలోకి పోయి ఉంటాయి. వాళ్ళ మేస్త్రీ సుత్తితో వాటిని కొట్టేసి "హద్దు సరిచేశాం" అంటాడు. కొట్టనివ్వకండి. ఆ అంచు పోతే రెండడుగుల అడుగు ఒకటిన్నర అవుతుంది, పైగా గోడ బరువు ఒక పక్కకు పడుతుంది. కొత్త కాంక్రీటు హద్దుకు ఎటు వరకు రావచ్చు, ఈ రాళ్ళను ఏం చేస్తారు అనేది పని మొదలుపెట్టక ముందే రాసుకోవాలి.

లోతు సంగతి. వాళ్ళ తవ్వకం 11 అడుగులైతే మీ కొత్త పునాది అడుగు 12 దాకా పోవాలి. ఇప్పుడున్న దాని కింద ఎనిమిదిన్నర అడుగులు. మూడడుగుల సందులో, ఒక బరువైన గోడ పక్కన, పన్నెండు అడుగుల గుంతలోకి మనిషిని దించడం నాకు ఇష్టం లేదు. రెండు అంచెల్లో చేయడం మేలు. మొదటి అంచె 8 అడుగుల దాకా, రెండో అంచె 12 దాకా.

మొదటి అంచెకు ముందు వాళ్ళ స్థలాన్ని హద్దు దగ్గర రెండడుగులు దించుకోవచ్చు, అంతకు మించి వద్దు. పునాది పక్కన ఉన్న మట్టి ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, పునాది కింద నలిగిన మట్టి పక్కకు తప్పుకోకుండా పైనుంచి అదిమి పట్టేది దాని బరువే. దాన్ని పునాది అడుగు దాకా తీసేస్తే, పునాది కింద తవ్వకపోయినా అది దిగొచ్చు.

తర్వాత గోడ మీద సుద్దతో 1 నుంచి 12 వరకు ముక్కలు గుర్తు పెట్టాలి, ఒక్కొక్కటి మూడడుగులు. మూలల్లో ఉన్న 1, 12 మామూలు ముక్కలు కావు. వాటి బరువు పంచుకోవడానికి ఒక పక్కే పొరుగు ముక్క ఉంటుంది, అవతలి పక్క అడ్డగోడ మూల. అందుకే వాటిని చివరికి వదలాలి. నేనైతే ఈ వరుస పెడతాను: ముందు 2, 6, 10. అవి గట్టిపడ్డాక 4, 8. తర్వాత 3, 7, 11. తర్వాత 5, 9. చివరిగా 1, 12. కాగితం మీద గీసుకుని చూడండి. మధ్య ముక్క ఏది తెరిచినా దానికి అటూ ఇటూ ఇంకా తవ్వని మట్టి గానీ, గట్టిపడిన కాంక్రీటు గానీ ఉంటుంది. మూలను తెరిచేటప్పటికి దాని పక్కది తయారై ఉంటుంది. లోపలి అడ్డగోడ వచ్చి కలిసేచోట, కిటికీల మధ్య బరువు దిగేచోట ముక్కల గీతలు కొంచెం జరపాల్సి వస్తుంది. అక్కడ రెండడుగులే తెరవాలి.

ఒక్కో ముక్కకు పని ఇలా సాగాలి. వాళ్ళ వైపు నుంచి మనిషి దిగే గుంత తీస్తారు. అది అయిదడుగుల లోతు దాటుతుంది కాబట్టి నాలుగు పక్కలా పలకలు, అడ్డ దుంగలు పెట్టాలి. ఇది తప్పించడానికి వీల్లేదు. గుంత అడుగుకు చేరాక అక్కడి నుంచి పక్కకు, మీ పునాది కిందికి తవ్వుతారు. జేసీబీ పంటి దెబ్బ ఇక్కడ పడకూడదు, గడ్డపారతోనే. రాళ్ళ అడుగు బయటపడగానే వదులుగా ఉన్నవాటిని చేత్తో సర్ది మసాలాతో బిగించాలి. గుంత అడుగున వదులు మట్టి లేకుండా గీకి, ఇంజినీరు కళ్ళతో చూసి సరేనన్నాక, అదే రోజు కాంక్రీటు పోయాలి. పునాది కింద తెరిచిన గుంతను రాత్రికి వదిలి ఇంటికి పోవడం అనేదే ఉండకూడదు. సాయంత్రానికి కాంక్రీటు రాదని తెలిస్తే ఉదయం ఆ ముక్క తెరవకండి.

కాంక్రీటు ఎం20 చాలు, ఎం25 అయితే ఇంకా మంచిది. వెడల్పు రెండున్నర అడుగులు అనుకుంటే ఒక్కో ముక్కకు 32 ఘనపుటడుగుల దాకా పడుతుంది. పక్క మట్టిలోకి 16 ఎంఎం కమ్మీ ముక్కలు, రెండడుగులవి, సగం దాకా కొట్టి మిగతా సగం ఈ కాంక్రీటులో ఉండేలా వదలాలి. తర్వాత పక్క ముక్క తవ్వినప్పుడు ఆ బయటి సగం దొరుకుతుంది, రెండు కాంక్రీటులూ దాంతో కలుస్తాయి. అప్పుడు కాంక్రీటు ముఖానికి అంటిన మట్టిని వైరు బ్రష్‌తో పూర్తిగా గీకాలి. చాలా పనుల్లో ఇది జరగదు. బయటికి గోడ ఒకటే అనిపిస్తుంది, లోపల పన్నెండు విడి దిమ్మెలు నిలబడి ఉంటాయి.

ఇక ఈ పని మొత్తానికి ప్రాణం లాంటిది పై మూడంగుళాలు. కాంక్రీటును పాత రాళ్ళకు తగిలే దాకా పోయకూడదు. పోసినా ప్రయోజనం లేదు. తడి కాంక్రీటు గట్టిపడేటప్పుడు కొంచెం దిగుతుంది, ముడుచుకుంటుంది, పైన వెంట్రుక మందం ఖాళీ మిగులుతుంది. గోడ ఆ ఖాళీ పూడేదాకా కిందికి దిగుతుంది, పైన పగుళ్ళు వస్తాయి. అందుకే మూడంగుళాలు ఖాళీ వదిలి, కాంక్రీటు కనీసం రెండు రోజులు గట్టిపడ్డాక, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ దొడ్డు ఇసుక కలిపిన ఎండు మసాలాతో ఆ ఖాళీని బిగిస్తారు. నీళ్ళు ఎంత అంటే, గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చెయ్యి తడి కాకూడదు. కొంచెం కొంచెంగా లోపలి కొస నుంచి మొదలుపెట్టి, గట్టి కర్ర దిమ్మె ఆనించి సుత్తితో కొడుతూ నింపాలి. సరిగ్గా నిండినప్పుడు సుత్తి శబ్దం మారుతుంది, మొద్దుగా ఉన్నది టంగుమంటుంది. జారుడు మసాలాను తాపీతో ముందు పక్క పూసి, "నిండింది" అని చూపించే మేస్త్రీలు ఉన్నారు. సన్న ఊచను లోపలికి గుచ్చి చూడండి. దిగితే ఆ ముక్క మళ్ళీ చేయాలి. మీ డబ్బు పెట్టి ఒక మనిషిని సైటులో నిలబెట్టుకోగలిగితే, ఆయన చూడాల్సింది ముఖ్యంగా ఈ పనినే.

మసాలా బిగించాక ఇంకో రెండు రోజులు ఆగి, అప్పుడే తర్వాతి విడత తెరవాలి. అంటే విడతకు అయిదు రోజులు, అయిదు విడతలకు ఇరవై అయిదు. రెండో అంచెకూ అంతే. మధ్యలో వచ్చే ఆలస్యాలు కలిపి రెండు నెలల పని. వారంలో చేసిస్తామన్నారంటే, పైన చెప్పిన ఆగాల్సిన రోజుల్ని వాళ్ళు ఆగరు అని అర్థం.

మొదటి అంచె మొత్తం పూర్తయ్యాక వాళ్ళు హద్దు దగ్గర ఆరున్నర అడుగుల దాకా దిగొచ్చు. అక్కడి నుంచి రెండో అంచె అదే పద్ధతిలో, కానీ ముక్కల గీతలు పైవాటికి సగం జరిపి. పై ముక్కల అతుకు, కింది ముక్కల అతుకు ఒకే నిలువు గీతలో పడకూడదు. ఇక్కడ పైన ఉన్నది రాళ్ళు కాదు, కమ్మీలతో కలిసిన కాంక్రీటు కాబట్టి ఈ అంచె కొంచెం నిబ్బరంగా చేయొచ్చు.

మీ అడ్డగోడల సంగతి చాలామంది మర్చిపోతారు. హద్దు గోడ పన్నెండు అడుగుల మీద, దానికి లంబంగా వచ్చే గోడ మూడున్నర అడుగుల మీద నిలబడితే, ముందుముందు రెండూ వేర్వేరుగా దిగుతాయి, మూలలో నిలువు పగులు వస్తుంది. అందుకే మూలల నుంచి మీ స్థలం లోపలికి అడ్డగోడ కింద కూడా మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ పోవాలి. మొదటి మూడడుగులు ఎనిమిది అడుగుల లోతుకు, తర్వాతి మూడడుగులు ఆరుకు, ఆపైన పాతదానితో కలిసేలా. ఇది మీ ఇంటి వైపు నుంచి చేయాల్సిన పని కాబట్టి మీ నేల, గచ్చు కొంత పగలగొట్టాలి. వాళ్ళ కొటేషన్‌లో ఇది ఉండదు, మీరే అడిగి పెట్టించండి.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు వద్దాం. ఇంత పని చేశాక మీ గోడ బరువు పన్నెండు అడుగుల కిందికి చేరింది, బాగుంది. కానీ వాళ్ళ వైపు మట్టి మొత్తం తీసేస్తే, మీ ఇంటి కింది మట్టి ఈ కాంక్రీటును వాళ్ళ గుంతలోకి తోస్తుంది. గ్రావెల్ మట్టికి మామూలుగా తీసుకునే లెక్క వేస్తే, ఆ లోతుకు గోడ పొడవున అడుగుకు దాదాపు 1.3 టన్నుల తోపు వస్తుంది. అది అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో నెడుతున్నట్టు లెక్క. రెండున్నర అడుగుల మందం ఉన్న ఉత్త కాంక్రీటును, దాని మీది గోడ బరువుతో సహా, నిలబెట్టే శక్తి ఎంత, ఈ తోపు దొర్లించే శక్తి ఎంత అని పోలిస్తే, దొర్లించేదే ఎక్కువ వస్తుంది. నేల తడిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. అంటే అండర్‌పిన్నింగ్ ఎంత బాగా చేసినా, ఆ గోడ పదకొండు అడుగుల గుంత అంచున ఒంటరిగా నిలబడదు. అది నిలువు బరువు మోయడానికి చేసిన పని. పక్క తోపు ఆపడం వేరే పని, ఆ బాధ్యత తవ్వేవాళ్ళది.

దానికి ఎక్కువగా వాడే పద్ధతి ఇది. హద్దు పక్కన ఏడెనిమిది అడుగుల వెడల్పున మట్టిని వాలుగా వదిలేసి, స్థలం మధ్యలో మాత్రమే పూర్తి లోతుకు తవ్వాలి. అక్కడ అడుగంతా పలకలాగా పరిచే పునాది, అంటే రాఫ్ట్ కాంక్రీటు, ముందుగా వేసుకోవాలి. అది గట్టిపడ్డాక, రాఫ్ట్ మీద పాదం ఆనించి మీ గోడ కాంక్రీటుకు ఏటవాలుగా ఇనుప ఆసరాలు పెట్టాలి. ఆ తర్వాతే వదిలిన మట్టిని పది పన్నెండు అడుగుల పట్టీలుగా తీస్తూ, తీసిన చోటల్లా మట్టిని ఆపే వాళ్ళ రిటైనింగ్ గోడ కట్టుకుంటూ పోవాలి. పట్టీ తీశారు, గోడ వేశారు, అప్పుడే తర్వాతి పట్టీ. ఇంకో దారి, తవ్వకానికి ముందే హద్దు వెంబడి దగ్గరదగ్గరగా పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు, వేయడం. అది కుదిరితే మీ కింద ముట్టుకోవాల్సిన అవసరమే చాలావరకు తగ్గుతుంది. కానీ గుండ్రాళ్ళున్న మన నేలలో, చిన్న సందుల్లో ఆ మిషన్ పని కష్టం, ఖర్చు ఎక్కువ. గుంతలో నీళ్ళు ఊరుతున్నాయన్నా, ఉత్త ఇసుక తగిలిందన్నా మాత్రం ఈ గుంతల పద్ధతి ఆపేయండి. నీళ్ళను పంపుతో తోడితే వాటితో పాటు మీ ఇంటి కింద సన్న మట్టి కూడా పోతుంది. అప్పుడు పైల్సే దారి.

హక్కు సంగతి రెండు మాటల్లో. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం పక్క నేల నుంచి మన నేలకు సహజంగా అందే ఆసరాను ఎవరూ తీసేయడానికి లేదు. మీద కట్టడం ఉన్న నేలకు, అదే ఆసరా ఇరవై ఏళ్ళు అడ్డంకి లేకుండా అంది ఉంటే, 15వ సెక్షన్ కింద హక్కు వస్తుంది. మీ నాన్న కాలంనాటి ఇల్లు కాబట్టి ఆ దారి మీకు ఉండే అవకాశం ఎక్కువ. పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లులు తీసిపెట్టుకుని ఒక సివిల్ లాయరుకు చూపించండి. గొడవకు పోవడానికి కాదు, ఒప్పందం రాసుకునేటప్పుడు మీ మాటకు బరువు ఉండటానికి. ఖర్చు వాళ్ళదని, డ్రాయింగుల మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉండాలని, మీ ఇంజినీరు ఎప్పుడైనా ఆపమంటే ఆపాలని అందులో ఉండాలి. పని మొదలు కాకముందు ఇద్దరూ కలిసి మీ ప్రతి గదినీ, ఇప్పటికే ఉన్న ప్రతి పగులునూ తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. పాత ఇంట్లో పగుళ్ళు ఉంటాయి, ఏది పాతది ఏది కొత్తది అని తర్వాత వాదించుకోవడం దండగ.

గోడ కదులుతోందా లేదా అనేది మీరే కనిపెట్టొచ్చు. పగుళ్ళ మీద అడ్డంగా పీఓపీ పట్టీ పెట్టి తేదీ రాయండి. అది చీలితే పగులు బతికే ఉందని లెక్క. హద్దు గోడ మీద నాలుగు చోట్ల, లోపలి గోడ మీద ఒకచోట మేకులు కొట్టి, లెవెల్ ట్యూబుతో ఎత్తులు రోజూ పొద్దున నోట్‌బుక్‌లో రాయండి. మేడ మీద నుంచి గుండు దారం వేలాడదీసి, కింద గోడకు ఎంత దూరముందో అదీ రాయండి. ఈ పని ఎంత శ్రద్ధగా చేసినా గోడ అయిదారు మిల్లీమీటర్లు దిగడం మామూలే, దానికి బెదరక్కర్లేదు. ఒక రోజుకూ మరో రోజుకూ మధ్య తేడా చూడాలి. పగులు ఒక్క మిల్లీమీటరు పెరిగినా ఆ రోజు పని ఆపి తెరిచిన గుంతను కాంక్రీటుతోనో, ఇసుక బస్తాలతోనో నింపేయమనండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తే గోడలో ఏదో ఒక భాగం దిగుతోంది. అడ్డగోడకూ హద్దు గోడకూ మధ్య పైన వెడల్పుగా, కింద సన్నగా నిలువు పగులు వస్తే గోడ బయటికి వాలుతోంది. రెండోది ఎక్కువ ప్రమాదం. అది కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా అందరూ బయటికి రండి.

ఇంట్లో ఉండొచ్చా అన్నారు. హద్దు గోడను ఆనుకున్న గదులు, వాటి పైనున్న గదులు ఖాళీ చేయండి, రాత్రిళ్ళు అసలు వద్దు. ఇంటికి వేరే పక్క నుంచి దారి ఉంటే మిగతా గదుల్లో ఉండొచ్చు. మూలల ముక్కలు చేసే రోజుల్లోనూ, వాళ్ళు వదిలిన మట్టి పట్టీలు తీసే రోజుల్లోనూ మాత్రం పెద్దవాళ్ళనీ పిల్లల్నీ బంధువుల ఇంటికి పంపేయండి. ఆ పక్కన నీళ్ళ సంపు ఉంటే ఖాళీ చేసి పెట్టండి, మేడ మీది వాన నీళ్ళ గొట్టాలను వేరే వైపుకు తిప్పండి.

వాళ్ళ రిటైనింగ్ గోడ లేచాక దానికీ మీ కాంక్రీటుకూ మధ్య సందు మిగులుతుంది. దాన్ని తవ్విన మట్టితోనే పూడ్చేస్తామంటారు. అది నాలుగు వానలకు దిగి మళ్ళీ ఖాళీ అవుతుంది, కాబట్టి సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో నింపమనండి. ఏటవాలు ఆసరాలను వాళ్ళ సెల్లార్ పై స్లాబు వేసి, అది పూర్తిగా గట్టిపడేదాకా తీయకూడదు. ఆ స్లాబు వచ్చేదాకా రిటైనింగ్ గోడకు పైన పట్టు ఉండదు. సెంట్రింగ్‌కు అడ్డమొస్తున్నాయని ఒకటో రెండో ముందే ఊడదీస్తామని ఖచ్చితంగా అడుగుతారు. అప్పుడు వాళ్ళ ఇంజినీరు చేత రాతపూర్వకంగా లెక్క ఇప్పించుకుని, మీ ఇంజినీరు ఒప్పుకుంటేనే సరేననండి.